గీజర్‌లో గుడగుడలు: ఎలిమెంట్ మీద గార పడితే లోపల జరిగేది ఇదీ

చలికాలం పొద్దున్నే గీజర్ స్విచ్ వేసి కాసేపు ఆగితే కొన్ని ఇళ్ళలో ఒక చప్పుడు మొదలవుతుంది. ముందు సన్నగా సుయ్‌మంటుంది. తర్వాత పేలాలు వేగుతున్నట్టు టప్ టప్‌మని విడివిడిగా కొట్టుకుంటుంది. ఇంకొన్నాళ్ళు పట్టించుకోకపోతే ఆ టపటపలన్నీ కలిసిపోయి, గోడ అవతల ఎవరో రాళ్ళ డబ్బా దొర్లిస్తున్నట్టు గుడగుడలాడుతుంది. ఎర్ర లైటు ఆరిన కొద్దిసేపటికి చప్పుడూ ఆగిపోతుంది. కుళాయి తిప్పితే వేడి నీళ్ళు వస్తాయి, ఎక్కడా కారడం లేదు. దాంతో కొందరు గీజర్ పేలిపోతుందేమోనని టెన్షన్ పడి వాడడమే మానేస్తారు. ఎక్కువమంది నీళ్ళు వస్తున్నాయి కదా అని వదిలేస్తారు. అసలు ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలిస్తే, అది స్విచ్ వేసిన ఎంతసేపటికి మొదలైందన్న దాన్ని బట్టి లోపల గార ఎంత మందాన పేరుకుందో కూడా బయటి నుంచే ఒక అంచనాకు రావచ్చు.

లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక మామూలు గీజర్‌నే తీసుకుందాం. హైదరాబాద్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు, మధ్య అంతస్తులో ఒక ఇల్లు, బాత్రూమ్ గోడకు నిలువుగా బిగించిన 25 లీటర్ల గీజర్. అందులో 2 కిలోవాట్ల ఎలిమెంట్. ఈ రకం గీజర్లలో ఎలిమెంట్ ట్యాంకు అడుగు నుంచి పైకి దూరి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే పళ్ళేన్నే మెకానిక్కులు ఫ్లాంజ్ అంటారు. థర్మోస్టాట్ దూరే గొట్టమూ సాధారణంగా ఆ పళ్ళేనికే, ఎలిమెంట్‌కు పక్కనే ఉంటుంది. ఈ అమరిక గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీని అవసరం ఉంది.

ఇక నీళ్ళ సంగతి. ఊళ్ళో జనం ఇప్పటికీ మంజీరా నీళ్ళు అని పిలిచే సరఫరా నీళ్ళలో ఎక్కువ భాగం ఇప్పుడు కృష్ణా, గోదావరుల నుంచే వస్తున్నాయి. అవి సంపులో పడతాయి. అవి చాలని రోజుల్లో బోరు నీళ్ళూ, ట్యాంకరు నీళ్ళూ అదే సంపులో కలిసి పై ట్యాంకుకు ఎక్కుతాయి. నది నీళ్ళలో సున్నం పాళ్ళు సాధారణంగా తక్కువ. బోరు నీళ్ళు అలా కాదు. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడున్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ పులుపుతో మట్టిలోని సున్నపు గడ్డల నుంచి, శిథిలమైన రాతి నుంచి కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుంటూ లోతుకు పోతుంది. ఇలా కరిగిన కాల్షియం, మెగ్నీషియాల కొలతనే కాఠిన్యం అంటారు. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదిస్తుంది, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా సర్దుకోమంటుంది. అంటే ప్రమాణం లోపలే ఉన్న నీళ్ళు కూడా గీజర్‌కు మాత్రం బాగా కఠినమైనవి కావచ్చు.

కరిగిన సున్నం మళ్ళీ రాయి అయ్యే చోటు

ఉప్పు, పంచదార వేడి నీళ్ళలో ఎక్కువ కరుగుతాయని వంటింట్లో అందరికీ తెలుసు. సున్నపురాయి తీరు దీనికి ఎదురు. నీళ్ళు వేడెక్కేకొద్దీ అది కరిగి ఉండలేదు. నేల కింద దాన్ని కరిగించి పట్టుకున్నది కార్బన్ డయాక్సైడ్. నీళ్ళు వేడెక్కితే ఆ వాయువు నీటిని విడిచి బయటికి వస్తుంది, పట్టు తప్పిన సున్నం మళ్ళీ రాయిగా మారి పక్కనున్న దానికి అతుక్కుంటుంది:

Ca(HCO₃)₂ → CaCO₃ + H₂O + CO₂

గీజర్ మొత్తంలో అన్నిటికంటే వేడిగా ఉండేది ఎలిమెంట్ పైతలం. కాబట్టి గార మొదట పట్టేది అక్కడే. పళ్ళకు పట్టే గార లాగే ఇదీ పొర మీద పొరగా పెరుగుతుంది. గీజర్ ఆన్ అయినప్పుడల్లా ఎలిమెంట్ వ్యాకోచిస్తుంది, ఆఫ్ అయినప్పుడు ముడుచుకుంటుంది. పైన పట్టిన పెంకు దానితో సమానంగా సాగలేదు, పగులుతుంది. పెచ్చులుగా ఊడి అడుగున పడుతుంది. ఊడిన చోట మళ్ళీ కొత్త పొర మొదలవుతుంది. రెండేళ్ళు బోరు నీళ్ళు తాగిన గీజర్‌ను విప్పితే కనిపించేది ఇదే. వేలికన్నా సన్నగా ఉండాల్సిన గొట్టం బొటనవేలంత లావుగా, గరుకుగా, బూడిద కలిసిన తెలుపులో ఉంటుంది. అడుగున కోడిగుడ్డు పెంకులు నలిపి పోసినట్టు పెచ్చులు.

ఎంత పేరుకుంటుంది? లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్ళు, రోజుకు 100 లీటర్లు గీజర్‌లోంచి పోతున్నాయనుకుందాం. సున్నంలో చాలా భాగం నీళ్ళతోనే బయటికి పోతుంది. అందులో పదో వంతు మాత్రమే లోపల నిలిచిందనుకున్నా రోజుకు 4 గ్రాములు, నెలకు 120 గ్రాములు, ఏడాదికి దాదాపు కిలోన్నర. పదో వంతు అన్నది ఇక్కడ ఊహే. ఎంత వేడికి పెడుతున్నారు, ఎంతసేపు ఆన్‌లో ఉంచుతున్నారు అన్నదాన్ని బట్టి అది మారుతుంది. కానీ విప్పిన గీజర్ల నుంచి కిలోల లెక్కన పెచ్చులు ఎందుకు వస్తాయో ఈ లెక్క చెబుతుంది.

చప్పుడు పుట్టే చోటు

అన్నానికి ఎసరు పెట్టినప్పుడు గమనిస్తే, నీళ్ళు మరగడానికి ముందే గిన్నె సుయ్‌మంటూ చప్పుడు చేస్తుంది. తెర్లడం మొదలయ్యాక ఆ చప్పుడు తగ్గిపోయి మెత్తగా మారుతుంది. కారణం ఏమిటంటే, గిన్నె అడుగున తాకి ఉన్న నీరు ముందే ఆవిరై బుడగ అవుతుంది. ఆ బుడగ కాస్త పైకి లేవగానే ఇంకా చల్లగా ఉన్న నీళ్ళు తగులుతాయి. ఆవిరి ఒక్కసారిగా నీరైపోతుంది. బుడగ ఉన్న చోటు ఖాళీ అవుతుంది, చుట్టూ ఉన్న నీళ్ళు ఆ ఖాళీలోకి దూసుకొచ్చి ఒకదానినొకటి కొట్టుకుంటాయి. ఆ దెబ్బే చప్పుడు. నీళ్ళన్నీ మరిగే వేడికి వచ్చాక బుడగలు కూలిపోకుండా పైదాకా వస్తాయి, అందుకే చప్పుడు మెత్తబడుతుంది.

గీజర్‌లో జరిగేదీ ఇదే. తేడా ఒక్కటే, ఇక్కడ నీళ్ళు ఎప్పుడూ మరిగే వేడికి రావు. 55, 60 డిగ్రీల దగ్గర థర్మోస్టాట్ ఆపేస్తుంది. కాబట్టి గార కింద పుట్టిన ప్రతి బుడగా చల్లటి నీళ్ళలోకి వచ్చి కూలిపోవాల్సిందే. నీరు ఆవిరైతే మామూలు గాలి పీడనం దగ్గర దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది, కాబట్టి పెంకు పగుళ్ళలో ఇరుక్కున్న ఒక్క చుక్క చాలు. అది ఆవిరై పగులులోంచి తన్నుకుని బయటికి వస్తుంది, బయటి నీళ్ళలో కూలిపోతుంది. ఖాళీ అయిన పగులులోకి మళ్ళీ నీరు చేరుతుంది, మళ్ళీ ఆవిరవుతుంది. పగుళ్ళు కొన్నే ఉంటే టప్ టప్‌మని విడిగా వినిపిస్తుంది. వందల పగుళ్ళు ఒకేసారి పనిచేస్తే గుడగుడ అవుతుంది, ట్యాంకు రేకు ఆ చప్పుడును డప్పులా పెంచుతుంది.

అడుగున పెచ్చులు ఎక్కువగా పేరుకుని ఎలిమెంట్ కింది వంపులు అందులో పూడిపోతే చప్పుడు మరో రకంగా మారుతుంది. సంకటి ఉడికేటప్పుడు చిక్కటి పిండిని తోసుకుంటూ ఆవిరి బుడుక్ బుడుక్‌మని వస్తుంది కదా, అలాంటి బరువైన చప్పుడు అది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ట్యాంకులో నీళ్ళు 50 డిగ్రీలు కూడా దాటకముందే ఎలిమెంట్ దగ్గర నీరు ఎలా ఆవిరవుతుంది? 2 కిలోవాట్ల ఎలిమెంట్ గొట్టం 8 మిల్లీమీటర్ల లావు, వేడెక్కే పొడవు 80 సెంటీమీటర్లు అనుకుందాం. చదరపు సెంటీమీటరుకు సుమారు 10 వాట్ల వేడి అందులోంచి బయటికి పోవాలి. శుభ్రంగా ఉన్న ఎలిమెంట్ పైతలం చుట్టూ ఉన్న నీళ్ళకంటే ఓ 30 డిగ్రీలో, ఇంకాస్తో ఎక్కువ వేడిగా ఉంటుంది. అది మామూలే. దాని మీద గార పట్టిందనుకోండి, అంతే వేడి ఆ పెంకును కూడా దాటుకుని పోవాలి. గార రాయి జాతి, వేడిని లోహం అంత తేలిగ్గా పోనివ్వదు. ఈ ఎలిమెంట్ మీద అర మిల్లీమీటరు గార ఉంటే లెక్క ప్రకారం లోపలి తలం దాదాపు 47 డిగ్రీలు అదనంగా వేడెక్కుతుంది. ఒక మిల్లీమీటరు ఉంటే 90 డిగ్రీల దాకా.

రెండో సంగతి పీడనం. పై ట్యాంకు గీజర్ కంటే 10 మీటర్ల ఎత్తున ఉంటే గీజర్‌లో నీళ్ళు 100 దగ్గర కాదు, సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదే. ఇప్పుడు రెండింటినీ కలిపి చూడండి. అర మిల్లీమీటరు గార ఉన్న ఎలిమెంట్ నీళ్ళకంటే 77 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. నీళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు అది 102 మాత్రమే, ఆవిరి పుట్టదు, చప్పుడు లేదు. నీళ్ళు 43కు చేరినప్పుడు ఎలిమెంట్ 120ని తాకుతుంది, అప్పుడు మొదటి టప్ వినిపిస్తుంది. గార ఒక మిల్లీమీటరుకు చేరితే నీళ్ళు చల్లగా ఉండగానే 120 దాటిపోతుంది. స్విచ్ వేసిన కాసేపటికే చప్పుడు మొదలవుతుంది.

ఈ అంకెలు ఇంట్లో కొలిచినవి కావు, లెక్క వేసినవి. గార గుల్లగా ఉందా గట్టిగా ఉందా అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. అయినా రెండు విషయాలు దీన్నుంచి కచ్చితంగా తెలుస్తాయి. ఒకటి, నెలల తరబడి నిశ్శబ్దంగా ఉన్న గీజర్ ఒక వారంలో ఉన్నట్టుండి ఎందుకు చప్పుడు మొదలుపెడుతుందో. గార రోజూ కొంచెం కొంచెంగానే పెరుగుతుంది, కానీ ఆవిరి గీత దాటిన రోజు నుంచే చెవికి తెలుస్తుంది. రెండోది, అదే నీళ్ళు వాడే అపార్ట్‌మెంట్లో పై అంతస్తు వాళ్ళ గీజర్ ముందుగా ఎందుకు మోగుతుందో. వాళ్ళకు ట్యాంకు 3 మీటర్ల ఎత్తునే ఉంటుంది, అక్కడ నీళ్ళు 107 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అంతకంటే పలచని గారకే చప్పుడు వచ్చేస్తుంది. కింది అంతస్తులో చప్పుడు లేదంటే గార లేదని కాదు.

కరెంటు బిల్లు పెరుగుతుందా?

గార పట్టిన గీజర్ కరెంటు తినేస్తుందని సర్వీసు చేసేవాళ్ళు తరచూ చెబుతారు. ఎలక్ట్రిక్ గీజర్ విషయంలో ఇందులో నిజం చాలా తక్కువ. ఎలిమెంట్ నీళ్ళలోనే మునిగి ఉంది. అందులో పుట్టిన వేడికి నీళ్ళలోకి తప్ప వేరే దారి లేదు. గార ఉంటే ఎలిమెంట్ మరింత వేడెక్కుతుంది, కానీ అదే వేడిని చివరికి నీళ్ళకే ఇస్తుంది. 25 లీటర్ల నీళ్ళను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి కావలసింది ఒక యూనిట్ పైచిలుకు. గార ఉన్నా లేకున్నా దాదాపు అంతే.

మరి గార పట్టాక నీళ్ళు సరిగ్గా కాగట్లేదని ఎందుకంటారు? ఆ ఫిర్యాదూ నిజమే. కారణం థర్మోస్టాట్. ఎలిమెంట్‌కూ థర్మోస్టాట్ గొట్టానికీ మధ్య వేలెడు సందు ఉంటుంది. ఎలిమెంట్ మీది గార లావెక్కి, అడుగున పెచ్చులు పేరుకుని ఆ సందు పూడిపోతే, థర్మోస్టాట్‌కు తగిలేది నీళ్ళ వేడి కాదు, ఎలిమెంట్ వేడి. నీళ్ళు 40 డిగ్రీల దగ్గర ఉండగానే 60 అయిపోయాయని అది మోసపోయి కరెంటు ఆపేస్తుంది. కాసేపటికి చల్లబడి మళ్ళీ ఆన్ చేస్తుంది. లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, బకెట్‌లో మాత్రం గోరువెచ్చని నీళ్ళు.

దీన్ని పట్టుకోవడానికి గడియారం చాలు. 2 కిలోవాట్ల ఎలిమెంట్ 25 లీటర్లను 25 నుంచి 60కి తేవడానికి అరగంట పట్టాలి. పొద్దున్నే చల్లటి నీళ్ళతో నిండిన గీజర్‌ను ఆన్ చేసి, మధ్యలో కుళాయి తిప్పకుండా లైటు ఎప్పుడు ఆరుతుందో చూడాలి. పదిహేను నిమిషాలకే ఆరిపోయి నీళ్ళు గోరువెచ్చగా ఉంటే థర్మోస్టాట్ పక్కన గార పూడిందని అనుమానించాలి. ముప్పావుగంట దాటినా ఆరకపోతే విషయం వేరు, థర్మోస్టాట్ పనిచేయడం లేదేమో చూడాలి. అదే సమయంలో చప్పుడు ఎన్నో నిమిషంలో మొదలైందో కూడా రాసి పెట్టుకుంటే మంచిది. రెండు నెలల కింద పదిహేనో నిమిషంలో మొదలైన చప్పుడు ఇప్పుడు మూడో నిమిషంలోనే వస్తోందంటే పెంకు గట్టిగా పెరిగిందన్నమాట.

నష్టం మొదట పడేది ఎలిమెంట్ మీదే. అందులో సన్నటి తీగ చుట్ట, చుట్టూ కరెంటును ఆపే తెల్లటి పొడి, బయట రాగి గొట్టమో నికెల్ కలిసిన ఉక్కు గొట్టమో ఉంటాయి. రోజూ ఉండాల్సిన దానికంటే తొంభై డిగ్రీలు ఎక్కువ వేడిలో నలిగితే గొట్టం ఎక్కడో సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లులోంచి నీళ్ళు పొడిలోకి చేరతాయి. అప్పుడు కరెంటు ట్యాంకులోకి లీకవుతుంది. కరెంటు లీకైతే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ ఇంట్లో ఉంటే గీజర్ వేయగానే అది పడిపోతుంది. లేకపోతే, ఎర్తింగ్ కూడా సరిగ్గా లేకపోతే, తడి చేత్తో కుళాయి ముట్టినవాళ్ళకు షాక్ కొడుతుంది. గార వల్ల మనిషికి జరగగల అసలు హాని ఇదే. ఒకసారి ఆర్‌సీసీబీ పడితే దాన్ని పైకెత్తి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకూడదు.

గుడగుడల వల్ల ట్యాంకు పేలదు. పేలే పరిస్థితి రావాలంటే థర్మోస్టాట్, అది విఫలమై వేడి మరీ మీరితే కరెంటును తెంచే కటౌట్ రెండూ పనిచేయక నీళ్ళు మరుగుతూ పోవాలి, పీడనం బయటికి పోయే దారీ మూసుకుపోవాలి. ఆ దారి చల్లనీళ్ళ పైపు దగ్గర బిగించే సేఫ్టీ వాల్వ్. గార దాన్నీ పట్టి బిగించేయగలదు, అందుకే దాని సంగతి పట్టించుకోవాలి. 25 లీటర్ల నీళ్ళు 25 నుంచి 60కి వేడెక్కితే సుమారు 350 మిల్లీలీటర్లు ఎక్కువ చోటు కావాలి. ఆ వాల్వ్ నీళ్ళను వెనక్కి పోనివ్వని రకమైతే వేడెక్కేటప్పుడు చుక్కలుగా కారడం సహజం. కారుతోంది కదా అని దానికి బిరడా కొట్టడం మాత్రం ఘోరమైన తప్పు.

ఇది గార చప్పుడేనా?

గార చప్పుడుకు ఒక గుర్తు ఉంది. ఎలిమెంట్‌లో కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. కరెంటు బోర్డులో గీజర్‌కున్న ఎంసీబీ స్విచ్ కిందికి దించాక ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోవాలి. స్విచ్ వేసినప్పుడో లైటు ఆరినప్పుడో ఒక్కసారి టక్‌మంటే అది థర్మోస్టాట్. కుళాయి గట్టిగా కట్టినప్పుడు పైపుల్లో ధన్‌మంటే అది పరుగెత్తే నీళ్ళను ఒక్కసారిగా ఆపిన దెబ్బ, గీజర్‌కు సంబంధం లేదు. వేడి నీళ్ళు వదిలినప్పుడు గోడలో కిటకిటమంటే పైపులు సాగుతున్నాయి. కొత్త గీజర్ కూడా సన్నగా సుయ్‌మనవచ్చు, దానికి కంగారు అక్కర్లేదు. కానీ కుళాయిలోంచి పొగలు కక్కుతూ మరిగే నీళ్ళు, మధ్య మధ్యలో ఆవిరి వస్తుంటే, చప్పుడు ఎలా ఉన్నా వెంటనే ఎంసీబీ దించి మెకానిక్‌ను పిలవాలి. అది గార సమస్య కాదు, థర్మోస్టాట్ చెడిపోయింది.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు ఇళ్ళలో చూసేది తరచూ వేరే యంత్రం. గరాజ్‌లోనో చిన్న గదిలోనో నిలబెట్టిన, నూటయాభై లీటర్లు పట్టే గ్యాస్ ట్యాంకు. అందులో మంట ట్యాంకు అడుగు రేకు కింద ఉంటుంది, సున్నపు మడ్డి సరిగ్గా ఆ రేకు మీదే పేరుకుంటుంది. ఫీనిక్స్, శాన్ ఆంటోనియో లాంటి కఠిన జలాల ఊళ్ళలో అది మోగితే ఇల్లంతా వినిపిస్తుంది. అక్కడ బిల్లు నిజంగానే పెరుగుతుంది. మడ్డి అడ్డుపడితే మంట వేడి నీళ్ళలోకి పోకుండా మధ్య పొగగొట్టంలోంచి పైకి పోతుంది కాబట్టి. అడుగు రేకు అతిగా వేడెక్కి లోపలి గాజు పూత కూడా దెబ్బతింటుంది. ఆ ట్యాంకులకు కింద ప్రత్యేకంగా కుళాయి ఉంటుంది. దానికి గొట్టం తగిలించి ఏడాదికోసారి మడ్డి వదిలిస్తే చాలావరకు పోతుంది. మన గోడ గీజర్లకు ఈ పని ఇంత తేలిక కాదు, ఎలిమెంట్‌కు అతుక్కున్న పెంకు నీళ్ళు వదిలినంత మాత్రాన రాదు.

విప్పి శుభ్రం చేయడం

మొదటి పని ఎంసీబీ దించడం. గోడ స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, వైరింగ్ తిరగబడి ఉంటే స్విచ్ ఆఫ్‌లోనూ కరెంటు ఉండొచ్చు. నీళ్ళు చల్లబడేదాకా ఆగి, లోపలికొచ్చే వాల్వ్ కట్టి, వేడి నీళ్ళ కుళాయి తెరిచి ఉంచి, అడుగు నుంచి నీళ్ళన్నీ దించాలి. ఆ తర్వాత ఫ్లాంజ్ బోల్టులు విప్పితే ఎలిమెంట్, థర్మోస్టాట్ గొట్టం, చాలా ట్యాంకుల్లో మెగ్నీషియం కడ్డీ కలిసి కిందికి వస్తాయి. ఈ పని తెలిసిన మెకానిక్‌తో చేయించుకోవడమే మంచిది. పక్కన నిలబడి ఏం చూడాలో తెలిస్తే చాలు.

అడుగున ఉన్న పెచ్చులను చేత్తోనే తోడేయాలి, వాటిని కరిగించాలని చూస్తే రసాయనం వృథా. ఎలిమెంట్‌ను స్క్రూడ్రైవర్‌తో కొట్టి పెంకు ఊడగొట్టడం చాలా చోట్ల కనిపిస్తుంది. గొట్టానికి సొట్ట పడితే దాని ఆయుష్షు అక్కడే సగం పోతుంది. దానికి బదులు ఎలిమెంట్ వంపులు మునిగేలా బకెట్ నీళ్ళలో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కలిపి నానబెట్టాలి. వైర్లు బిగించే కొసలు మాత్రం తడవకూడదు. 5 లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో 200 గ్రాముల నిమ్మ ఉప్పు వేస్తే దాదాపు 150 గ్రాముల గారకు సరిపోతుంది. నురగ కట్టి బుసబుసమంటుంది. గార ఏర్పడేటప్పుడు బయటికి పోయిన కార్బన్ డయాక్సైడ్ లాంటిదే ఇప్పుడూ వెళ్తోంది. బుస ఆగిపోయి గార ఇంకా మిగిలి ఉంటే నీళ్ళు పారబోసి కొత్తగా కలపాలి. అదే నీళ్ళను మరగబెడితే పని త్వరగా అవుతుందనుకోవద్దు, అప్పుడు మరో తెల్లటి మడ్డి పేరుకుంటుంది. వెనిగర్‌తోనూ అవుతుంది, కానీ 100 గ్రాముల గారకు రెండున్నర లీటర్ల దాకా కావాలి. బాత్రూమ్ కడిగే యాసిడ్ జోలికి మాత్రం వెళ్ళకూడదు. అది గారను నిమిషాల్లో కరిగిస్తుంది నిజమే, వెనకే గొట్టాన్ని, స్టీలు ట్యాంకునూ కొరుకుతుంది.

చిన్న పెచ్చు మీద నిమ్మరసం పిండినా బుస రాకపోతే అది సున్నం గార కాదు. ఇసుకో, తుప్పో, మరో లవణమో కావచ్చు. దానికి నిమ్మ ఉప్పు పనిచేయదు.

తిరిగి బిగించే ముందు మల్టీమీటర్‌తో ఎలిమెంట్ కొసల మధ్య చూస్తే 2 కిలోవాట్ల దానికి 26 ఓమ్‌లకు దగ్గరగా చూపించాలి. కొసకూ బయటి గొట్టానికీ మధ్య ఏమీ చూపించకూడదు. కొంచెం చూపించినా ఆ ఎలిమెంట్‌ను మార్చేయాలి, శుభ్రంగా కనిపిస్తోంది కదా అని బిగించకూడదు. మెగ్నీషియం కడ్డీ సగానికి పైగా అరిగిపోయి ఉంటే అదీ మార్చాలి. ట్యాంకుకు బదులు తుప్పు పట్టడమే దాని పని. రబ్బరు గాస్కెట్ పాతదే మళ్ళీ వేస్తే కారే అవకాశం ఎక్కువ, ఖరీదూ తక్కువే కాబట్టి కొత్తది వేయించాలి. చివరిగా, నీళ్ళు నిండి వేడి కుళాయిలోంచి గాలి లేకుండా ధారగా వచ్చేదాకా కరెంటు ఇవ్వకూడదు. నీళ్ళు లేని ఎలిమెంట్ చూస్తుండగానే కాలిపోతుంది.

గార మళ్ళీ పట్టకుండా పూర్తిగా ఆపాలంటే ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ ఒక్కటే దారి. అది కాల్షియాన్ని తీసేసి సోడియం పెడుతుంది. పైపుకు అయస్కాంతాలు కట్టే పరికరాలను నమ్మి డబ్బు పెట్టడానికి తగిన ఆధారం లేదు. ఖర్చు లేని పని థర్మోస్టాట్‌ను 60 నుంచి 50కి తగ్గించడం, రోజంతా ఆన్‌లో ఉంచకుండా స్నానానికి ముందు వేసుకోవడం. ఇలా చేసేవాళ్ళు వారానికోసారి 60 దాటేలా కాగనివ్వాలి, గోరువెచ్చని నీళ్ళలో బాక్టీరియా పెరగకుండా. సరఫరా నీళ్ళకూ బోరు నీళ్ళకూ వేర్వేరు పైపులున్న అపార్ట్‌మెంటైతే గీజర్‌కు సరఫరా పైపు కలపడం అన్నిటికంటే మేలు.

శుభ్రం చేసిన మర్నాడు చల్లటి గీజర్‌ను ఆన్ చేసి మళ్ళీ గడియారం చూడాలి. అరగంటకు అటూ ఇటూగా లైటు ఆరి, అంతసేపూ సన్నటి సుయ్ తప్ప ఇంకేమీ వినిపించకపోతే పని సరిగ్గా జరిగినట్టే. ఆ తేదీని గీజర్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసి పెడితే, మొదటి టప్ మళ్ళీ ఎన్ని నెలలకు వినిపించిందో తెలుస్తుంది. ఆ ఇంటి నీళ్ళకు తర్వాతి సర్వీసు ఎప్పుడు చేయించాలో ఆ నెలల లెక్కే చెబుతుంది.